తళుకు అనే మిణుగురు కథ

మృగశిర కార్తె వచ్చి నాలుగు రోజులయింది. కోనసీమలో ఒక పల్లె, ఆ పల్లె చివర ఒక పంటకాలువ, ఆ కాలువ గట్టు మీద వరుసగా కొబ్బరిచెట్లు. వాటి కింద తడిసిన మట్టిలో, పైకి ఎవరికీ కనిపించకుండా, శనగగింజ పట్టేంత చిన్న గది ఒకటి ఉంది. ఆ గదిలో కొన్ని రోజులుగా కదలకుండా నిద్రపోయిన ఒక మిణుగురు, చినుకులు ఆగిన ఒకనాటి సాయంత్రం ఒళ్లు విరుచుకుని, తలతో మట్టిని నెట్టుకుంటూ గట్టు మీదికి వచ్చాడు. అతని పేరు తళుకు.

చుట్టూ చీకటి పడుతోంది. తళుకు రెండడుగులు వేసేసరికి కాళ్ల కింద మట్టి మీద పసుపు, ఆకుపచ్చ కలిసిన వెలుతురు ఒకటి మెరిసి మాయమయింది. కుడివైపు తిరిగితే వెలుతురు కుడివైపు వచ్చింది, ఎడమవైపు తిరిగితే ఎడమవైపు వచ్చింది. మెడ వంచి చూసుకుంటే, అది తన పొట్ట చివరి నుంచే వస్తోంది!

“అయ్యో, నాకు నిప్పంటుకుంది!” అని తళుకు పరుగెత్తాడు. చేమాకు మీద నిలిచిన వాన నీటిబొట్టులో పొట్ట చివర ముంచాడు. నీళ్లు చల్లగా తగిలాయి గాని, నిప్పు ఆరిన చప్పుడేమీ రాలేదు. బయటికి తీసి చూసుకుంటే మళ్లీ తళుక్కుమంది.

అటువైపు ఒక పేడపురుగు, తనకంటే పెద్ద ఉండను వెనక కాళ్లతో దొర్లించుకుంటూ వెళుతోంది. అది ఆగి, తళుకును పైనుంచి కిందికి చూసింది.

“నాయనా, నువ్వు మా చుట్టానివే. నీ వీపు మీద ఉన్నవి ఎగిరే రెక్కలు కావు, మూతలు. ఎగిరే పలుచని రెక్కలు వాటి కింద మడిచి ఉంటాయి. నాకూ అంతే, చూడు. మనల్ని పెంకుపురుగులు అంటారు. అయితే మా ఇంటావంటా ఎవరికీ దీపం లేదు. అది ఎందుకో నన్నడిగితే నేనేం చెప్పగలను? నా ఉండ గట్టు దిగి పారిపోతోంది, ఉంటాను.”

పేడపురుగు ఉండ వెంట పడి వెళ్లిపోయింది. తళుకు వీపు మీది మూతలు తెరిచి, లోపలి రెక్కలు విప్పి, మొదటిసారి గాలిలోకి లేచాడు. కొంచెం తూలాడు, ఒక కొబ్బరిమట్టకు తగలబోయి తప్పుకున్నాడు, చివరికి ఆకుమడి పక్కన గరికలో వాలాడు. అక్కడ ఒక నత్త ఉంది. తళుకును చూడగానే అది కొమ్ములు, మెడ అన్నీ గుల్లలోకి లాక్కుంది.

“ఎందుకు భయపడుతున్నావు? నేను నిన్ను ఏమీ అనలేదే” అన్నాడు తళుకు.

గుల్లలోపలి నుంచి సన్నని గొంతు వినిపించింది. “ఇప్పుడు అనలేదు. చిన్నప్పుడు నువ్వెలా ఉండేవాడివో మరిచిపోయావా? రెక్కలు లేవు, ఒళ్లంతా గొలుసులా కణుపులు కణుపులుగా ఉండేది. నేను నడిచిన చోట మిగిలే జిగురు దారిని పట్టుకుని రాత్రంతా నా వెనకే వచ్చేవాడివి. మీ చిన్నపిల్లల భోజనం మేమే. ఇంకొక మాట. అప్పుడు కూడా నీకు ఈ దీపం ఉండేది.”

తళుకుకు నిజంగానే కొంచెం గుర్తుకు వచ్చింది. నెలల తరబడి సాగిన బాల్యం, తడి ఆకుల వాసన, చీకట్లో మసకగా వెలిగే సొంత తోక. అతనికి సిగ్గేసింది.

“ఇప్పుడు నాకు ఒక మంచుబొట్టు చాలు. నిన్ను తినను” అన్నాడు. అప్పుడు నత్త ఒక కొమ్ము మాత్రం బయటికి పెట్టింది. రెండో కొమ్ము పెట్టేంత నమ్మకం దానికి ఇంకా కుదరలేదు.

“మరి రెక్కలు లేని పసివాడికి దీపం దేనికి?” అని తళుకు అడిగాడు.

జవాబు నత్త చెప్పలేదు. పక్కనే, తాను కూర్చున్నది రాయి అనుకున్న తళుకు ఉలిక్కిపడేలా, ఆ రాయే మాట్లాడింది. అది రాయి కాదు, ఒళ్లంతా బొడిపెలున్న గోదురుకప్ప.

“అది నాకు తెలుసు. ఒకప్పుడు నేను తెలియక, వెలుగుతున్న మిణుగురు పిల్లను నోట్లో వేసుకున్నాను. చేదు! ఇప్పటికీ తలుచుకుంటే నాలుక ముడుచుకుపోతుంది. వెంటనే ఉమ్మేశాను. ఆనాటి నుంచి నేల మీద ఏదైనా వెలుగుతూ కనిపిస్తే, నేను మొహం తిప్పుకుంటాను. ‘నేను చేదు, నన్ను తినవద్దు’ అని ఆ వెలుగు చెబుతుంది. దిగు, దిగు. నా వీపు మీద కూర్చుని మాట్లాడటం మర్యాద కాదు.”

తళుకు గబుక్కున ఎగిరాడు. చిన్నప్పుడు దీపం ఎందుకో తెలిసింది. మరి ఇప్పుడు ఎందుకు? ఆ ప్రశ్న అలాగే మిగిలింది.

గట్టు మీది మందారపొద చుట్టూ మిణుగురులు చాలా మంది తిరుగుతున్నారు. వాళ్లలో అందరికంటే పెద్దాయన వయసు పది రోజులు. పిల్లలూ, నవ్వకండి. రెక్కలు వచ్చిన తరువాత మిణుగురు బతికేది కొన్ని వారాలే కాబట్టి, పది రోజుల మిణుగురును తాతగారు అని పిలవడంలో తప్పేమీ లేదు.

“తాతగారూ, ఈ వెలుగు నాలో ఎక్కడి నుంచి వస్తోంది?” అని తళుకు అడిగాడు.

తాతగారు ఆకు మీద సర్దుకుని కూర్చున్నారు. “మన పొట్ట చివర ఒక చిన్న వంటగది ఉందనుకో. అందులో లూసిఫెరిన్ అనే పదార్థం ఉంటుంది. దానిని కలియబెట్టే వంటమనిషి లాంటిది ఇంకొకటి ఉంది, దాని పేరు లూసిఫెరేజ్. మనం చిన్నప్పుడు తిన్న తిండి నుంచి దాచుకున్న శక్తి కూడా కొంచెం కావాలి. ఇవన్నీ సిద్ధంగా ఉన్నా, ప్రాణవాయువు వచ్చి చేరేదాకా వెలుగు పుట్టదు.”

(ఆ రెండు పేర్లు ఒకదాని వెంట ఒకటి మూడుసార్లు వేగంగా పలకండి చూద్దాం. కథ చదివి వినిపిస్తున్న పెద్దవాళ్లు కూడా పలకాలి.)

“మనకు ముక్కు లేదు కదా, ప్రాణవాయువు ఎలా వస్తుంది?”

“పక్కల మీద సన్నని రంధ్రాలున్నాయి. వాటిలోంచి గాలి, వెంట్రుక కంటే సన్నని గొట్టాల గుండా ఒళ్లంతా తిరిగి వంటగదికి చేరుతుంది. ప్రాణవాయువు అందినప్పుడు వెలుగుతాము, అందనప్పుడు ఆరిపోతాము. వెలుగు పుట్టే చోటికి వెనక తెల్లటి పొర ఒకటి ఉంటుంది. అది అద్దంలా వెలుగునంతా బయటికి పంపిస్తుంది. మగవాళ్లం కాబట్టి మన జాతిలో మనకు రెండు వెలుగు పట్టీలు ఉన్నాయి, ఆడవాళ్లకు ఒకటే పట్టీ.”

“అయితే ఇది మంట కాదా?”

“మంట అయితే నీ పొట్ట ఇంకా ఉండేదా?” అన్నారు తాతగారు.

తళుకుకు పూర్తిగా నమ్మకం కలగలేదు. గట్టుకు అవతల ఒక పెంకుటింటి ముందు తులసికోటలో దీపం వెలుగుతూ కనిపించింది. దానితో పోల్చి చూద్దామని వెళ్లాడు. ఇంకా రెండు జానల దూరం ఉండగానే వేడి మొహానికి తగిలింది. గిరుక్కున పక్కకు తిరిగి, అరుగు మీద కూర్చున్న అమ్మమ్మగారి అరచేతిలో పడ్డాడు.

“అమ్మమ్మా, వదిలెయ్! చెయ్యి కాలుతుంది!” అని అరిచింది మనవరాలు అమ్ములు.

“కాలదమ్మా. నీ వేలు ఇలా తీసుకురా.”

అమ్ములు ఒక వేలు చాచి, మళ్లీ వెనక్కి లాక్కుని, మూడోసారి దగ్గరకు తెచ్చింది. తళుకు వెలిగాడు. ఆ వెలుగులో అమ్మమ్మ అరచేతి గీతలు, చూపుడు వేలికి అంటిన పసుపు మరక, ఒక మట్టిగాజు అంచు కనిపించాయి. తళుకు ఆరిపోయాడు, అవీ కనిపించలేదు. మళ్లీ వెలిగాడు.

“వేడిగా లేదే!” అంది అమ్ములు.

“దీపంలో నూనె కాలుతుంది కాబట్టి వెలుగుతో పాటు బోలెడు వేడి వస్తుంది. పాతకాలపు బల్బు కూడా తాకితే చురుక్కుమనేది. మిణుగురు చేసేది చల్లని వెలుగు” అంది అమ్మమ్మ.

తళుకు ఆ మాట విని పొంగిపోయాడు. తాతగారు చెప్పింది నిజమే!

“సీసాలో పెట్టుకుందామా అమ్మమ్మా?”

“వాడికి చాలా పని ఉంది. పోనీ” అని అమ్మమ్మ చెయ్యి పైకెత్తింది. తళుకు వేలి చివర దాకా నడిచి, అక్కడి నుంచి ఎగిరి, మందారపొద దగ్గరకు తిరిగి వచ్చాడు.

“తాతగారూ, అమ్మమ్మగారు నాకు పని ఉందన్నారు. ఏం పని?”

“అడగడం. మనం ఎగురుతూ ఒకసారి మెరుస్తాము, కొంచెం ఆగుతాము, మళ్లీ మెరుస్తాము. ‘ఎవరైనా ఉన్నారా?’ అని దాని అర్థం. ఆడ మిణుగురు గడ్డిపోచ మీద కూర్చుని చూస్తూ ఉంటుంది. మనది తన జాతి మెరుపే అని తెలుసుకుంటే, ‘ఇక్కడ ఉన్నాను’ అని తిరిగి మెరుస్తుంది. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క తాళం. తాళం తప్పితే జవాబు రాదు.”

ప్రపంచంలో 2,000కు పైగా మిణుగురు జాతులున్నాయి. పగటిపూట తిరుగుతూ, వెలుగుకు బదులు వాసనతో ఒకరినొకరు వెతుక్కునేవి కూడా వాటిలో ఉన్నాయి. తమిళనాడులోని ఆనమలై అడవుల్లో, వానాకాలానికి ముందు రాత్రులలో, లెక్కలేనన్ని మిణుగురులు చెట్ల మీద చేరి ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరుతాయి. తళుకు ఊరిలో అటువంటి మేళం లేదు. ఇక్కడ ఎవరి ప్రశ్న వారిదే.

తళుకు గరిక మీదుగా ఎగురుతూ మెరిశాడు. ఆగాడు. మెరిశాడు. ఎవరూ పలకలేదు. మెరుస్తూ మెరుస్తూ పెంకుటింటి పెరటిదాకా వెళ్లాడు. అక్కడ పెద్ద తెల్లని దీపం వెలుగుతోంది. ఆ కాంతిలో తళుకు మెరుపు అతనికే కనిపించలేదు. గడ్డిలో ఎవరైనా జవాబు చెప్పినా, ఎలా తెలుస్తుంది?

సరిగ్గా అప్పుడే లోపల మంచం మీది నుంచి అమ్ములు ఆవలిస్తూ అంది: “అమ్మమ్మా, పెరట్లో లైటు వెలుగుతోంది.”

అమ్మమ్మ చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి మీట నొక్కింది. టక్. పెరడంతా చీకటి. బావిగట్టు, అరటిచెట్లు, దండెం మీది చీర మెల్లమెల్లగా నల్లని ఆకారాలయ్యాయి. కప్పలు బెకబెకమంటున్నాయి.

తళుకు మెరిశాడు. ఆగాడు.

బావిగట్టు పక్కన, వంగిన ఒక గరికపోచ చివర, చిన్న వెలుగు ఒకటి మెరిసింది.

తళుకు కొంచెం కిందికి దిగి మళ్లీ మెరిశాడు. అది మళ్లీ పలికింది. ఇంకొంచెం కిందికి దిగాడు. కిటికీలోంచి చూస్తున్న అమ్ములు ఒకటి, రెండు, మూడు అని ఆ మెరుపులను లెక్కపెట్టసాగింది. తొమ్మిది దాకా వచ్చి, పది అనబోతూ నిద్రపోయింది.