కంట్రోల్ చార్ట్ చదవడం: డీఎంఎల్‌టీ విద్యార్థులకు ప్రశ్నలు, జవాబులు

జవాబు చూసేముందు గ్రాఫు కాగితం తీసి, మీన్ గీత, 1ఎస్‌డీ, 2ఎస్‌డీ, 3ఎస్‌డీ గీతలు గీసి చుక్కలు పెట్టండి. విలువలన్నీ మి.గ్రా./డెసిలీటర్‌లో ఉన్నాయి.

1. గ్లూకోజ్ కంట్రోల్ అసలు విలువ 100. ఒక మెషిన్‌లో 91, 92, 91, 90, 91 వచ్చాయి. రెండోదాంట్లో 94, 107, 99, 105, 95. దేనికి ఏ జబ్బు?

జవాబు: మొదటిదానికి ప్రెసిషన్ ఉంది, యాక్యురసీ లేదు. ప్రతిసారీ ఒకేలా, 9 తక్కువ చూపిస్తోంది. కాలిబ్రేషన్ చూడాలి. రెండోదాని సగటు సరిగ్గా 100. అది చూసి "యాక్యురేట్ సార్" అనేస్తారు చాలామంది. పేషెంటు శాంపిల్‌ని మనం ఐదుసార్లు పెట్టి సగటు తీయం కదా! ఒక్కసారి పెడతాం. ఆ ఒక్కటి 94 కావచ్చు, 107 కావచ్చు. పిపెటింగ్, ప్రోబ్, గాలి బుడగలు చూడండి.

2. మీన్ 100, ఎస్‌డీ 3. మొదటి ఆరు రోజులు: 101, 98, 100, 102, 99, 100. ఏడో రోజు ఉదయం కొత్త లాట్ రీఏజెంట్ పెట్టారు. అప్పటి నుంచి: 104, 105, 104, 104, 105, 104. ఏదీ 2ఎస్‌డీ దాటలేదు. రిపోర్టులు ఇచ్చేయొచ్చా?

జవాబు: ఇవ్వకూడదు. ఇది షిఫ్ట్. చుక్కలు ఒక్కసారిగా పైమెట్టు ఎక్కి అక్కడే కూర్చున్నాయి. వరుసగా నాలుగు విలువలు ఒకే వైపు 1ఎస్‌డీ దాటితే వెస్ట్‌గార్డ్ 4-1s రూల్ తప్పినట్టే. అంటే పదో రోజుకే ఆపాలి. 106 దాటలేదని ధీమాగా ఉన్నవాళ్లకు ఇక్కడ సున్నా మార్కులు. కొత్త లాట్‌తో కాలిబ్రేట్ చేసి, కంట్రోల్ మళ్లీ పెట్టండి.

3. ఇంకో కంట్రోల్, మీన్ 250, ఎస్‌డీ 6. ఏడు రోజుల విలువలు: 254, 252, 251, 249, 246, 244, 241. ఏమంటారు?

జవాబు: ట్రెండ్. రోజూ కొంచెం కొంచెంగా జారుతోంది. దీపం పాతబడటం, రీఏజెంట్ పాడవటం మామూలుగా కనిపించే కారణాలు. కానీ నేనైతే ముందు కంట్రోల్ వయల్‌నే అనుమానిస్తాను. మూత తీసిన తేదీ దాని మీద రాశారా? కొత్త వయల్ తీసి పెట్టండి. 250 దగ్గరకు వస్తే తప్పు పాత వయల్‌దే, మెషిన్‌ది కాదు. అదీ 241 దగ్గరే ఉంటే రీఏజెంట్, దీపం గంటలు, కాలిబ్రేషన్ వరుసగా చూసుకుంటూ వెళ్లండి.

4. ఒకే రన్‌లో లెవెల్ 1 +2.3ఎస్‌డీ, లెవెల్ 2 -2.1ఎస్‌డీ. షిఫ్టా?

జవాబు: కాదు. రెండింటి మధ్య తేడా 4.4ఎస్‌డీ. R-4s తప్పింది, రాండమ్ ఎర్రర్.

5. కంట్రోల్ ఫెయిలైంది. మూడోసారి పెడితే లోపలికొచ్చింది. ఆ ఒక్క విలువే రిజిస్టర్‌లో రాస్తే?

జవాబు: మూడూ రాయాలి, పక్కన ఏం సరిచేశారో కూడా. ఏమీ సరిచేయకపోతే ఆ మూడోది లాటరీ తగిలినట్టు.