నీవు పంపిన కీబోర్డు నోట్స్ పేజీలోని ఇటాలియన్ సూచనలకు అర్థాలు

కడప
చిరంజీవికి ఆశీస్సులు.

నీవు ఫోటో తీసి పంపిన పేజీలో పై వరుసన ఉన్న 'అందాంతే కాంతాబిలే' అంటే, నింపాదిగా నడిచే వేగంతో, పాట పాడుతున్నట్లుగా వాయించాలని అర్థం. పక్కనే క్వార్టర్ నోట్‌కు 80 అని ఉంది కనుక, కీబోర్డులోని మెట్రోనోమ్‌ను 80కి పెట్టుకుంటే నిమిషానికి 80 దెబ్బలు వినిపిస్తాయి.

మొదటి బార్ కింద ఉన్న 'పి' తక్కువ శబ్దంతో వాయించమంటుంది. 'దోల్చే' అంటే మృదువుగా.

అయిదో బార్‌లోని 'క్రెష్.' దగ్గరే చాలామంది తొందరపడతారు. క్రెషెండో అంటే శబ్దాన్ని క్రమంగా పెంచుకుంటూ పోవడమే తప్ప, అది కనబడగానే గట్టిగా మోగించడం కాదు. పైగా వేగం పెంచమని అందులో ఎక్కడా లేదు. కాబట్టి అయిదో బార్‌ను తక్కువ శబ్దంతోనే మొదలుపెట్టి, ఎనిమిదో బార్‌లోని 'ఎం.ఎఫ్.' దగ్గరికి, అంటే ఓ మోస్తరు గట్టిదనానికి, మెట్టుమెట్టుగా చేరుకోవాలి. నీ కీబోర్డులో, మీటను నొక్కే బలాన్ని బట్టి శబ్దం మారే టచ్ సెన్సిటివిటీ ఆపి ఉంటే ఈ తేడా వినిపించదు, ముందు అది చూసుకో.

'పోకో రిట్.' అంటే వేగాన్ని కొద్దిగా, క్రమంగా తగ్గించడం. ఆ వెంటనే వచ్చే 'ఆ తెంపో' మళ్లీ 80కి రమ్మంటుంది. నోట్ మీద అర్ధచంద్రం, దాని లోపల చుక్క ఉన్నచోట ఆ స్వరాన్ని రాసిన కాలం కంటే కాస్త ఎక్కువసేపు నిలపాలి.

చివరనున్న 'డి.సి. అల్ ఫీనే' ప్రకారం మొదటికి వెళ్లి, పన్నెండో బార్‌లో 'ఫీనే' అన్నచోట ముగించాలి.