7 కిలోల ఫ్రంట్ లోడ్ వాషింగ్ మిషన్: డ్రమ్ము బేరింగ్ పోయింది, విడిభాగాలకు మాత్రమే – ₹2,800 (కేపీహెచ్‌బీ కాలనీ, హైదరాబాద్)

ముందే చెప్తున్నాను, ఇది ఇంటికి తీసుకెళ్ళి బట్టలు ఉతుక్కునే మిషన్ కాదు. ఆన్ అవుతుంది, నీళ్ళు పట్టుకుంటుంది, డ్రమ్ము తిరుగుతుంది, నీళ్ళు బయటికి పంపుతుంది. అయినా వాడకానికి పనికిరాదు. డ్రమ్ము వెనకాల బేరింగులు పూర్తిగా పోయాయి. మెకానిక్కులు, ఇదే మోడల్ ఇంట్లో ఉండి బోర్డో డోర్ లాకో పోయినవాళ్ళు, పాత మిషన్లు కొని బాగుచేసి అమ్మేవాళ్ళు, వీళ్ళ కోసమే ఈ ప్రకటన. తక్కువ ధరలో నడిచే మిషన్ కోసం చూస్తున్నవాళ్ళు దయచేసి దీన్ని వదిలేయండి.

2017లో కొత్తది కొన్నాం, బిల్లు ఉంది. నలుగురున్న ఇల్లు, దాదాపు రోజూ ఉతికింది. కంపెనీ పేరు, మోడల్ నంబరు మూడో ఫోటోలో డోర్ లోపలి స్టిక్కరు మీద స్పష్టంగా కనిపిస్తాయి. మీ మిషన్‌కి దీని భాగాలు సరిపోతాయో లేదో ఆ నంబరుతో సరిచూసుకున్నాకే బయల్దేరండి. పేరు ఒకటే అయినా ఒక్క అక్షరం తేడా ఉంటే బోర్డు కనెక్టర్లు కలవకపోవచ్చు.

ఇక అసలు లోపం. ఉతికేటప్పుడు గరగర శబ్దం వస్తుంది. స్పిన్‌లోకి వెళ్ళగానే రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి తిప్పినట్టు ఉంటుంది, ఇంట్లో మాట వినపడదు. ఇలాంటి వాటిని "కొంచెం సౌండ్ వస్తుంది, చిన్న రిపేరు" అని పెట్టి అమ్మడం చాలా చూశాను. ఇది చిన్న రిపేరు కాదు. డోర్ తెరిచి స్టీలు డ్రమ్ము పై అంచు పట్టుకుని ఎత్తండి, బయటి టబ్బు కదలకుండానే డ్రమ్ము ఒక్కటే సుమారు సెంటీమీటరు పైకి లేచి టక్కుమని కిందపడుతుంది. మంచి మిషన్‌లో డ్రమ్ము, టబ్బు కలిసి ఊగాలి. వెనక రేకు విప్పితే పుల్లీ మధ్య నుంచి కిందికి తుప్పు రంగు చారలు కనిపిస్తాయి (ఐదో ఫోటో). ఆయిల్ సీల్ దెబ్బతిని సబ్బునీళ్ళు బేరింగులోకి దిగాయి, గ్రీజు కొట్టుకుపోయింది, తుప్పు పట్టింది. ఎక్కువ నీళ్ళతో ఉతికినప్పుడు వెనకవైపు చుక్కలు చుక్కలుగా కారడం కూడా ఉంది.

శబ్దం మోటారుది కాదని ఎలా తెలుసంటే, మెకానిక్ బెల్టు తీసి మోటారు ఒక్కదాన్నే తిప్పి చూపించాడు. మెత్తగా తిరిగింది. బెల్టు లేకుండా డ్రమ్ముని చేత్తో తిప్పితే మాత్రం అదే గరగర. మీరొచ్చినప్పుడు కావాలంటే ఈ పరీక్ష మళ్ళీ చేసుకోవచ్చు, వెనక రేకు విప్పడానికి స్క్రూడ్రైవర్ నా దగ్గర ఉంది.

మరి బేరింగులే మార్చొచ్చు కదా అంటే, ఈ మోడల్‌లో టబ్బు రెండు ముక్కలు కలిపి అతికించేసి ఉంటుంది, బోల్టులు ఉండవు. కంపెనీ లెక్కలో మొత్తం టబ్బు సెట్టు మార్చాల్సిందే. లేబర్‌తో కలిపి మాకు ₹9,500 చెప్పారు. ఇంత పాత మిషన్ మీద అంత పెట్టబుద్ధి కాలేదు. బయటి మెకానిక్కులు కొందరు టబ్బు అతుకు వెంట రంపంతో కోసి, బేరింగులు, సీల్ మార్చి, మళ్ళీ స్క్రూలు, సిలికాన్‌తో బిగిస్తారు. ఆ పని వచ్చినవాళ్ళు తీసుకుంటే సంతోషమే. కానీ ఒక్క మాట. ఇందులో టబ్బు విప్పలేదు. డ్రమ్ముని పట్టుకునే మూడు కాళ్ళ అల్యూమినియం బ్రాకెట్టు, మీరు స్పైడర్ అంటారు, అది ఎలా ఉందో ఎవరూ చూడలేదు. సబ్బునీళ్ళకి ఆ కాళ్ళు తినేసి ఉండొచ్చు. ఇరుసు మీద సీల్ కూర్చునే చోట గాడి పడి ఉంటే కొత్త బేరింగులు వేసినా మళ్ళీ కారుతుంది. "బేరింగుల ఖర్చుతో అయిపోతుంది" అన్న లెక్కతో కొనొద్దు. స్పైడర్ కూడా పోయిందని అనుకుని లెక్కేసుకుంటే అదే సరైన లెక్క.

బాగున్నవి చెప్తాను. బోర్డు, డిస్‌ప్లే పనిచేస్తున్నాయి, ఏ ఎర్రర్ కోడూ రావట్లేదు. స్టార్ట్ బటన్ మాత్రం కాస్త గట్టిగా నొక్కాలి. మోటారు బెల్టుతో తిరిగే రకం, 2022లో కార్బన్లు మార్పించాం. డోర్ లాక్ టక్కున పడుతుంది, ప్రోగ్రామ్ అయ్యాక మామూలుగానే తెరుచుకుంటుంది. ఇన్‌లెట్ వాల్వ్, డ్రెయిన్ పంపు రెండూ బాగున్నాయి. స్టీలు డ్రమ్ములో సొట్టలు, చిల్లులు లేవు. డోర్ గాజు శుభ్రంగా ఉంది. నా అంచనాలో ఈ ధర బోర్డుకీ మోటారుకీనే, మిగతావి వాటితో పాటు వస్తాయి.

బాగా లేనివి: డోర్ రబ్బరు కింది మడతలో నల్లటి బూజు మచ్చలు, ఒకచోట వేలి గోరంత చిరుగు. ఆ రబ్బరు పనికొస్తుందని అనుకోకండి. సబ్బు ట్రేలో సాఫ్ట్‌నర్ అర మూత లేదు. బాల్కనీలో ఉండటం వల్ల ఎడమవైపు కింది మూల రేకు తుప్పుపట్టి పొరలుగా రాలుతోంది (ఏడో ఫోటో దగ్గరగా తీసిందే). షాక్ అబ్జార్బర్లు రెండూ మెత్తబడ్డాయి.

హీటరు సంగతి వేరేగా చెప్పాలి. మాకు మంజీరా నీళ్ళతో పాటు బోరు నీళ్ళూ కలుస్తాయి, సున్నం బాగా పడుతుంది. మేం చల్లనీళ్ళతోనే ఉతుకుతాం కాబట్టి హీటరు వేసి చాలా ఏళ్ళయింది. ఈ బేరింగుతో గంటసేపు వేడినీళ్ళ ప్రోగ్రామ్ నడపడం ఇష్టం లేక పరీక్షించలేదు. అందుకే హీటరుని పనిచేయనిదిగానే లెక్కపెట్టుకోండి. మీటరు తెచ్చుకుంటే అక్కడే ఓమ్స్ చూసుకోవచ్చు.

చూడటానికి వచ్చినప్పుడు నడిపి చూపిస్తాను. ఖాళీ డ్రమ్ముతో నీళ్ళు పట్టడం, తిరగడం, నీళ్ళు వదలడం, చివర్లో 400 వేగంతో కాసేపు స్పిన్. అంతకు మించి 1000 మీద పెట్టమని అడగొద్దు, పెట్టను. డ్రమ్ము ఊగి టబ్బుకి తగిలితే పగిలేది బాగున్న భాగాలే. బట్టలు వేసి చూపించడం కూడా కుదరదు. మొదటి వీడియోలో ఇదే పరీక్ష మొత్తం ఉంది, శబ్దం ఎక్కడా తగ్గించలేదు. రాకముందే ఒకసారి ఫోన్ సౌండ్ పెంచి వినండి. కింద ఫ్లోర్‌లో పసిపాప ఉంది, అందుకని మధ్యాహ్నం 1 నుంచి 4 మధ్య మిషన్ ఆన్ చేయం. ఉదయం 10 తర్వాత గానీ సాయంత్రం 4 నుంచి 7 లోపు గానీ రండి.

ధర ₹2,800. పాత సామాన్లవాళ్ళు ₹1,200 ఇస్తామన్నారు, అది ఇనుము తూకం ధర. బోర్డు, మోటారు పనిచేస్తుండగా తుక్కుకి వేయడం నాకు మనసొప్పలేదు. వచ్చి చూశాక మేం చెప్పని లోపం ఏదైనా కనబడితే దాన్నిబట్టి తగ్గిస్తాను, అందులో మొహమాటం లేదు. బేరింగ్ శబ్దం, తుప్పు, రబ్బరు చూపించి తగ్గించమంటే మాత్రం కుదరదు, అవన్నీ చూసుకునే ఈ ధర పెట్టాం. చూడకుండా చాట్‌లో "లాస్ట్ ఎంత" అని అడిగితే ₹2,800 అనే చెప్తాను. బోర్డు ఒక్కటే ఇవ్వండి, మోటారు ఒక్కటే ఇవ్వండి అంటే కుదరదు. ఎక్స్‌ఛేంజీ లేదు.

ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం. గ్యారంటీ లేదు. డబ్బిచ్చి గేటు దాటాక వాపసు తీసుకోం. ఇంటికెళ్ళి బోర్డు వేస్తే సరిపోలేదన్నా, టబ్బు కోశాక స్పైడర్ విరిగి ఉందన్నా సరే. ఇది కఠినంగా అనిపించొచ్చు. అందుకే చూసుకోవడానికి మీకు కావలసినంత టైమ్ ఇస్తున్నాను, వెంట మెకానిక్‌ని తెచ్చుకున్నా అభ్యంతరం లేదు. చూసి వద్దనుకుంటే ఏమీ అనుకోం.

అడ్వాన్స్ అడగను, తీసుకోను. చూసి నచ్చాక అక్కడికక్కడే నగదు గానీ యూపీఐ గానీ. డబ్బు పంపిస్తానని క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమనేవాళ్ళు, మిలటరీలో ఉన్నాం మనిషిని పంపిస్తాం అనేవాళ్ళు టైమ్ వృథా చేసుకోకండి. డబ్బు తీసుకోవడానికి స్కానూ పిన్నూ అక్కర్లేదని తెలుసు.

తీసుకెళ్ళే పని మీదే. ఇల్లు రెండో అంతస్తు, లిఫ్టు లేదు. లోపల కాంక్రీటు దిమ్మ ఉంటుంది కాబట్టి చూసినదానికంటే చాలా బరువు, ఇద్దరు గట్టి మనుషులు కావాలి. మెట్ల మలుపు ఇరుకే కానీ మిషన్ పడుతుంది, పైకి ఎక్కించింది అటునుంచే. ఆటో ట్రాలీ గేటు దాకా వస్తుంది. డ్రమ్ముని బిగించే ట్రాన్సిట్ బోల్టులు మా దగ్గర లేవు, నిలబెట్టే తీసుకెళ్ళండి. పడుకోబెడితే పంపులో, పైపుల్లో మిగిలిన నీళ్ళు బోర్డు మీదికి పోతాయి. మీరు కొనేది ఆ బోర్డు కోసమే అయితే మరీ జాగ్రత్త. డబ్బు ముట్టాక కింది ఫిల్టరు విప్పి నీళ్ళన్నీ నేనే తీసి ఇస్తాను.

మిషన్‌తో పాటు ఇన్‌లెట్ పైపు, డ్రెయిన్ పైపు, 2017 బిల్లు ఇస్తాను. ఫోటోల్లో కనిపించే చక్రాల స్టాండు, గోడకున్న స్టెబిలైజర్ అమ్మకానికి కావు.

అడ్రస్ చాట్‌లో పంపిస్తాను. జేఎన్‌టీయూ మెట్రో స్టేషన్ నుంచి ఆటోలో దగ్గరే. ఇంకేదైనా భాగం దగ్గరి నుంచి చూడాలంటే చెప్పండి, ఫోటో తీసి పెడతాను. బోర్డు మీద నంబరు చాలామంది అడుగుతారని ఎనిమిదో ఫోటోలో పెట్టేశాను. ముందు ఎవరు వచ్చి చూసి డబ్బిస్తే వాళ్ళకే, ఎవరికోసమూ ఆపి ఉంచం. కొత్త మిషన్ వచ్చేస్తోంది, బాల్కనీలో రెండింటికి చోటు లేదు. నెలాఖరులోగా ఎవరూ తీసుకోకపోతే అధీకృత ఈ-వేస్ట్ రీసైక్లర్‌కి ఇచ్చేస్తాను. అమ్ముడైన రోజే ఈ ప్రకటన తీసేస్తాను కాబట్టి, ఇది మీకు కనిపిస్తోందంటే మిషన్ ఇంకా ఉన్నట్టే. "ఉందా" అని అడగక్కర్లేదు, ఎప్పుడు వస్తారో చెప్పండి చాలు.