మిషన్‌కి నూనె పోశాం

(ఆదివారం, తెనాలి ఇంట్లో, భోజనాలకు ముందు చదవడానికి. ఎవరి భాగం వాళ్లు చదవాలి.)

కూతురు:

అమ్మా, పొగడ్తలేమీ రాయలేదు, భయపడకు.
"యోధురాలు" అన్న మాట ఎక్కడా లేదు.
నువ్వు చేసింది చేసినట్టు రాశాం.

రొమ్ము క్యాన్సర్‌కి ముందు ఆపరేషన్.
తర్వాత కీమో: ఎర్రమందు 4 సార్లు, మూడు వారాలకొకటి.
ఆపైన వారం వారం ఇంకో మందు, 12.
చివర 15 రోజులు రేడియేషన్.
క్యాలెండర్లో గడి తర్వాత గడి కొట్టేస్తూ పోయావు,
పాలవాడి లెక్క చూసినట్టు.

ఎర్రమందు ఎక్కిన సాయంత్రం
మూత్రం ఎర్రగా వస్తే మేం రక్తమనుకున్నాం.
"మందు రంగే అది, రేపటికి పోతుంది" అన్నావు,
సిస్టర్ చెప్పింది సరిగ్గా విన్నది నువ్వొక్కదానివే.
మందు ఎక్కినంతసేపూ నోట్లో ఐసు ముక్క,
నోరు పూయకుండా.
మూడో వారంలో దువ్వెన నిండా జుట్టు వచ్చింది.
మర్నాడే గుండు చేయించేసుకున్నావు,
దిండు మీద వెంట్రుకలు ఏరే ఓపిక లేదంటూ.

కోడలు:

అత్తయ్యా, వంటింటి సంగతి నేనే చెప్పాలి.
స్టీలు చెంచా నోట్లో పెడితే ఇనుము నాకినట్టుంది అన్నారు,
చెక్క చెంచా తెచ్చాం.
నోట్లో పుండ్లు లేని రోజుల్లో నిమ్మకాయ పులిహోర దిగింది,
ఉన్న రోజుల్లో చల్లటి పెరుగన్నం.
తెల్లకణాలు పడిపోయే రోజుల్లో
పచ్చిముక్కలు బంద్, బయటి చట్నీ బంద్,
పండు కూడా తొక్క తీసిందే.
జ్వరం 100.4 తాకితే మాత్ర వేసుకుని పడుకోకూడదు,
నేరుగా ఆసుపత్రికే.
ఒకసారి తాకింది, అర్ధరాత్రి దాటాక.
"దుప్పటి, ఫైలు, చార్జరు సంచిలోనే ఉన్నాయి, పదండి" అన్నారు.
ఆ సంచి మొన్న మీకు చెప్పకుండా విప్పేశాను.
దుప్పటి ఉతికి ఆరేశాను.
ఫైలు మాత్రం బీరువాలో పెట్టాను, చెకప్‌లకి కావాలిగా.

తమ్ముడు:

అక్కా, నేను చెప్పేది ఆ ఎడమచెయ్యి గురించి.
ఆపరేషన్ అయ్యాక భుజం దాటి లేవలేదది.
గోడకి ఎదురుగా నిలబడి వేళ్లు పైకి పాకించేదానివి,
ఆగిన చోట పెన్సిల్ గీత.
పక్కనే మనవరాలి ఎత్తు గీతలు,
ఎవరు ముందు కిటికీ అంచు దాటతారని పందెం.
రేడియేషన్ బల్ల మీద
చెయ్యి తలపైకి పెట్టి కదలకుండా పడుకోవాలి,
ఆ గీతలు ఎక్కబట్టే అది కుదిరింది.
ఇప్పుడా చెయ్యి అటక మీది డబ్బా అందుకుంటోంది.
అయినా దానికి బీపీ పట్టీ వద్దు, సూది వద్దు, బిగుతు గాజులు వద్దు.
వాపొస్తే ఓ పట్టాన తగ్గదు.
పెళ్లిళ్లలో గాజులు ఎక్కించే వదినలూ, విన్నారా?

మనవరాలు:

నాన్నమ్మా, నీ జుట్టు రింగులు రింగులుగా వచ్చింది!
కొన్నాళ్లకి మళ్లీ సాఫుగా అయిపోవచ్చట.
అయ్యేలోపు నాకో ఫోటో కావాలి.
ఇంకోటి.
సూదిలో దారం ఎక్కిస్తే నాకు రెండు రూపాయలిచ్చేదానివి.
ఇప్పుడు నువ్వే ఎక్కించుకుంటున్నావు.
నా రెండు రూపాయలు పోయాయి.
పర్లేదులే.

తాతయ్య:

ఆ దారం సంగతి నేను చూశాను.
వారం వారం మందుకి నీ వేళ్ల కొసలు మొద్దుబారాయి.
సూది చేతిలో ఉందో జారిందో కంటితో చూసుకోవాల్సిందే,
వేలికి తెలిసేది కాదు.
మందు ఆగిన వెంటనే తగ్గలేదది, నెలలు పట్టింది.
మొన్న దారం కొస ఏటవాలుగా కత్తిరించి,
నాలికతో తడిపి,
కిటికీ వెలుగుకేసి పట్టి ఒక్కసారికే ఎక్కించావు.
నేను పేపరు దించలేదు.
దించితే "ఏంటి చూస్తారు" అంటావని.

కూతురు:

మామోగ్రాంలో ఏమీ లేదన్నారు,
జబ్బు ఆనవాలు లేదన్నారు.
ఇక రోజుకో మాత్ర, ఐదేళ్లు.
పొద్దున్నే కీళ్లు పట్టేస్తాయి, కాలవగట్టు దాకా నడిస్తే వదులుతాయి.
ఎముకలకి కాల్షియం.
మూణ్ణెల్లకో ఆర్నెల్లకో డాక్టరు, ఏడాదికోసారి మామోగ్రాం.
చెకప్ ముందు రాత్రి నీకు నిద్ర పట్టదని తెలుసు.
మాకూ పట్టదు. పేకాట వేద్దాం.

అందరూ:

గంటకోసారి "తిన్నావా" అని అడగడం మానేస్తున్నాం.
బాత్‌రూం తలుపు దగ్గర కాపలా మానేస్తున్నాం.
నువ్వు గదిలోకి రాగానే మాట మార్చడం మానేస్తున్నాం.
బీరువా తాళాలు ఇవిగో.
మిషన్‌కి నూనె పోశాం, బెల్టు మార్చాం.
దసరా జాకెట్లు ఒప్పుకుంటావో మానతావో నీ ఇష్టం.
పక్కింటావిడ మాత్రం అప్పుడే మూడు గుడ్డలు ఇచ్చి వెళ్లింది,
లైనింగు తెచ్చుకోమని చెప్పాం.
కుట్టుకూలి బేరం నువ్వే మాట్లాడుకో!