కుడి చెంపకే ఎందుకు?

చెన్నై వేళచ్చేరిలో ప్లస్ వన్ చదివే సాత్విక్‌కి ముక్కు మీద, నుదుటి మీద మొటిమలున్నాయి. పదహారేళ్ల వాడికి అవి లేకపోతేనే వింత. అయితే మే నెల మొదలయ్యాక కుడి చెంప మీద గుత్తులుగా లేచాయి. ఎడమ చెంప మాత్రం నున్నగా ఉంది. రోజుకి ఐదుసార్లు ఫేస్‌వాష్‌తో రుద్దాడు. చర్మం పొడిబారి మండింది, మొటిమలు మాత్రం తగ్గలేదు.

చర్మ డాక్టరు మందు రాసే ముందు అడిగింది. "ఎటు తిరిగి పడుకుంటావు బాబూ?"

"కుడివైపు మేడమ్."

"ఫోను?"

"కుడి చెవికే."

"తలకి నూనె?"

వాళ్లమ్మ అందుకుంది. "రోజూ రాత్రి నేనే పెడతానండీ, కొబ్బరినూనె. ఈ ఉప్పునీళ్లకి జుట్టు ఊడిపోతోందని."

ఈ వయసులో హార్మోన్ల వల్ల జిడ్డు ఎక్కువగా ఊరుతుంది, అది రెండు చెంపలకీ సమానమే. తేడా బయటిది. తల నూనె గలీబుకి ఇంకి, చెంపకి అంటి, రంధ్రాలు మూసేస్తోంది. చెన్నై ఉక్కకి చెమట, దానికి తోడు రాత్రంతా ఒరిపిడి. ఇక ఫోను: గంటసేపు చెంపకి నొక్కిపెడితే వేడి, ఒత్తిడి, తెర మీద నిన్నటి జిడ్డు.

ఇంటికొచ్చి గలీబు వెలుతురులో పట్టి చూస్తే మధ్యలో అరచేతంత పసుపు మరక. మామూలుగా ఉతికితే వదల్లేదు. గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు రుద్ది, పావుగంట ఉంచి వేడినీళ్లలో ఉతికితే వదిలింది. నాలుగు గలీబులు పెట్టుకుని రెండ్రోజులకొకటి మార్చాడు. నూనె ఆదివారం పొద్దున మాత్రమే, ఒక చెంచా, నుదుటి అంచుకి రెండు వేళ్ల ఎడంగా. గంటయ్యాక తలంటి, ఆఖర్న ముఖం కడగాలి. ముందే కడిగితే షాంపూతో కలిసి జారే జిడ్డు మళ్లీ ముఖం మీదికే వస్తుంది. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మెత్తని గుడ్డకి అద్ది, కవరు తీసి ఫోను తుడిచాడు. నేరుగా చల్లితే సందుల్లోకి దిగుతుంది. మాటలు ఇయర్‌ఫోన్లలోనే.

ఫేస్‌వాష్ రెండు పూటలకి తగ్గింది. దాంతోపాటు 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్, బఠాణీ గింజంత, మొదట్లో రాత్రి మార్చి రాత్రి. అది బట్టల రంగు తినేస్తుందన్న మాట వాడు చెవిన పెట్టలేదు. నీలం గలీబు మీద తెల్లమచ్చలు పడ్డాక అమ్మ తెల్లవే తెచ్చింది.

రెండు వారాలకీ కొత్తవి వస్తూనే ఉంటే వాడు డీలాపడ్డాడు. లోపల ఎప్పుడో మూసుకున్న రంధ్రాలే ఇప్పుడు పైకి తేలుతున్నాయి, వాటికి వారాలు పడుతుంది. ఎనిమిదో వారానికి కుడి చెంప మీద గోధుమరంగు మరకలే మిగిలాయి. గిల్లినచోట అవి ఇంకా ముదురుగా ఉన్నాయి.

ఆగస్టులో నెల్లూరు నుంచి నాన్నమ్మ నూనె సీసాతో దిగింది.

"రాత్రిళ్లు వద్దు నాన్నమ్మా, ఆదివారం పొద్దున్నే."

"అయితే ఆదివారం రెండు చెంచాలు పెడతా."

"ఒక్కటే!"