పర్లాకిమిడి హాస్టల్ మెస్: ఎలుకలు, బొద్దింకలు రాకుండా రోజూ చేయాల్సిన పని

వంటవాళ్లు, స్టోర్ చూసేవాళ్లు అందరికీ. రాత్రి భోజనాలు అయ్యాక ఎంగిలి, కూరగాయల తొక్కలు మూత ఉన్న డబ్బాలోనే వేసి, మున్సిపాలిటీ బండి వచ్చేదాకా వంటింటికి దూరంగా పెట్టండి. తెల్లారాక చూద్దాంలే అంటే కుదరదు. డబ్బా రోజూ కడగాలి, కాలువ జాలీ కూడా.

బియ్యం, పప్పు బస్తాలు నేల మీద వద్దు. చెక్క బల్లల మీద, గోడకు జానెడు దూరంలో ఉంటేనే వెనకాల టార్చి వేసి చూడగలం, ఊడ్వగలం. పాత సరుకు ముందు వాడండి. విప్పిన పిండి, చక్కెర మూత డబ్బాల్లోకి పోయండి. పురుగు కనిపించిన బస్తాను వెంటనే వేరు చేయండి.

సోమవారం, గురువారం తనిఖీ. ఫ్రిజ్ వెనక, గ్యాస్ పైపుల దగ్గర, సింకు కింద లద్దెలు, కొరికిన గుర్తులు చూడాలి. 6 మిల్లీమీటర్ల సందు చాలు, చిట్టెలుక దూరిపోతుంది, కాబట్టి కన్నం కనిపిస్తే ఆ రోజే సిమెంటుతో మూసేయాలి, వానాకాలంలో మరీ ముఖ్యం. ఎలుకల మందు వంటింట్లో పెట్టొద్దు, పిల్లలు తినే చోటు ఇది. బోనులు, జిగురు అట్టలే వాడదాం.

రిజిస్టర్‌లో తేదీ, చోటు, ఏం కనిపించింది, ఏం చేశాం, ఎవరు చూశారు రాసి సంతకం పెట్టండి. ఏమీ కనిపించకపోయినా "ఏమీ లేదు" అని రాయండి. మందు కొట్టించిన రోజు మందు పేరు, మోతాదు రాసి, బిల్లు అదే పేజీకి అంటించండి.