ఎత్తు స్టూలు, నిలబడే గంటల తగ్గింపు కోరుతూ ప్రధానోపాధ్యాయుల వారికి విన్నపం

తేది: 17-11-2025

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల.

విషయం: దీర్ఘకాలిక మడమ నొప్పి కారణంగా తరగతి గదిలో వాడుకోవడానికి ఒక స్టూలు, టైంటేబులులో కొద్దిపాటి మార్పులు కోరడం గురించి.

ఆర్యా,

ఈ పాఠశాలలో ఆరేళ్ళుగా గణితం స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్న నేను గత సంవత్సరం ఆగస్టు నుంచి కుడి మడమ నొప్పితోనూ, ఈ వేసవి తర్వాత రెండు మడమల నొప్పితోనూ బాధపడుతున్నాను. ఏరియా ఆసుపత్రిలోని ఎముకల వైద్యులు పరీక్షించి దీన్ని ప్లాంటర్ ఫేషియైటిస్‌గా నిర్ధారించారు. మడమ ఎముక నుంచి కాలివేళ్ళ మొదళ్ళ వరకు అరికాలి కింద పట్టీలా ఉండే కణజాలం దెబ్బతినడం వల్ల ఈ నొప్పి వస్తుందని, గట్టి నేల మీద గంటల తరబడి నిలబడితే అది మానడానికి వీలుండదని వివరించారు. వారు చెప్పిన వ్యాయామాలు రోజూ చేస్తున్నాను, మెత్తని అడుగున్న బూట్లే వాడుతున్నాను. వైద్యుల ధ్రువపత్రాన్ని ఈ లేఖకు జతచేశాను.

ప్రస్తుత టైంటేబులు ప్రకారం మంగళ, గురువారాల్లో ఉదయం నాలుగు పీరియడ్లూ వరుసగా నావే. నలభై ఐదు నిమిషాల చొప్పున మూడు గంటలు బండల నేల మీద నిలబడడమే అవుతుంది. దానికి ముందు ప్రార్థన, ఆ వెంటనే మధ్యాహ్న భోజన పర్యవేక్షణ, సాయంత్రం పదో తరగతి స్టడీ అవర్ కూడా ఉంటాయి. మూడో పీరియడు సగానికి వచ్చేసరికి బరువంతా ఒక కాలి మీద వేసి బల్లను పట్టుకుని నిలబడుతున్నాను. గత గురువారం తొమ్మిదో తరగతిలో త్రిభుజ నిర్మాణం చూపిస్తూ మధ్యలో ఆగిపోవలసి వచ్చింది. ఒక విద్యార్థిని బోర్డు దగ్గరికి పిలిచి మిగతాది ఆమె చేత గీయించాను. పాఠం బాగానే నడిచినా, నేను అలా ఆగిన కారణం బోధనకు సంబంధించినది కాదు.

కుర్చీ కాకుండా స్టూలే ఎందుకు అడుగుతున్నానో ఇక్కడ చెప్పాలి. ఈ నొప్పి స్వభావం ఏమిటంటే, ఎక్కువసేపు కూర్చుని లేచినప్పుడు వేసే మొదటి అడుగులే అన్నిటికంటే ఎక్కువ బాధిస్తాయి. ఉదయం మంచం దిగినప్పుడూ ఇదే పరిస్థితి. కుర్చీలో కూర్చుంటే బోర్డు అందదు, వెనక బెంచీల పిల్లలు కనపడరు, పదే పదే లేవాలి. నడుము ఎత్తున్న స్టూలైతే సగం ఆనుకుని, కాళ్ళ మీద బరువు తగ్గించి, బోర్డు మీద రాస్తూనే పాఠం చెప్పవచ్చు. సైన్సు ల్యాబులో వాడకుండా మూలన పెట్టిన చెక్క స్టూళ్ళలో ఒకటి సరిగ్గా ఆ ఎత్తే ఉంది. ఒక కాలు వదులైంది, దాన్ని నా ఖర్చుతో బిగించుకుంటాను. కనుక కొత్తగా కొనవలసిన అవసరం రాదు.

రెండవది, వరుసగా రెండు పీరియడ్లకు మించి నిలబడకుండా టైంటేబులు సర్దవలసిందిగా కోరుతున్నాను. సాంఘికశాస్త్రం మాస్టారు మంగళ, గురువారాల్లో నా మూడో పీరియడును తాను తీసుకుని, మధ్యాహ్నం తన మొదటి పీరియడును నాకు ఇవ్వడానికి అంగీకరించారు. నా పీరియడ్ల సంఖ్య ఒక్కటి కూడా తగ్గదు. భోజన పర్యవేక్షణ నుంచి మాత్రం నన్ను తప్పించి, అందుకు బదులుగా మార్కుల ఆన్‌లైన్ నమోదు పూర్తిగా నాకు అప్పగించండి. ఆ పని ఎవరికీ ఇష్టం లేదని స్టాఫ్‌రూములో అందరికీ తెలిసిందే కనుక, ఈ మార్పిడికి అభ్యంతరం ఉండదనుకుంటున్నాను. వీలైతే మేడ మీద ఉన్న తొమ్మిదో తరగతి గదిని కింది గదితో మార్చినా మేలే, అయితే పిల్లల సంఖ్య దృష్ట్యా అది కుదరకపోతే పట్టుబట్టను.

తనిఖీకి వచ్చిన అధికారులు తరగతిలో ఉపాధ్యాయులు కూర్చుని కనిపిస్తే నిర్లక్ష్యంగా భావించే అవకాశం ఉంది. అందువల్ల స్టూలు వాడకానికి మీ అనుమతిని లిఖితపూర్వకంగా ఇప్పించవలసిందిగా ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. నోటిమాటగా అనుమతిస్తే అది మీకూ నాకూ ఇబ్బందే.

మూడు నెలల తర్వాత మళ్ళీ చూపించుకోమని వైద్యులు చెప్పారు. కాబట్టి ఈ ఏర్పాటును ఫిబ్రవరి నెలాఖరు వరకు అమలుచేసి, అప్పటి వైద్య నివేదికను బట్టి కొనసాగించడమో రద్దు చేయడమో నిర్ణయించగలరు. మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు ఉన్నందున దీర్ఘ సెలవు పెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ అవసరం రాకూడదనే ముందుగా ఈ విన్నపం చేసుకుంటున్నాను.

వచ్చే సోమవారం నుంచి టైంటేబులు మారుతున్నదని తెలిసింది కనుక, శనివారంలోగా మీ నిర్ణయం తెలియజేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
మీ విధేయురాలు,
సుజాత,
స్కూల్ అసిస్టెంట్, గణితం.

జతపరచినవి: వైద్య ధ్రువపత్రం నకలు, సాంఘికశాస్త్రం మాస్టారి అంగీకార పత్రం.